గడువు తేదీ రాయని సర్టిఫికెట్‌కు మార్కులెన్ని?

కుబర్నెటిస్ అడ్మినిస్ట్రేటర్ సర్టిఫికేషన్‌ను ఐటీ వాళ్లు సీకేఏ అంటారు. 2024 మార్చి 30న ఆ పరీక్ష పాసైన ఇంజినీరుకు సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది, అంటే 2027 మార్చి దాకా. మూడు రోజుల తర్వాత, ఏప్రిల్ 2న, అదే పరీక్ష పాసైన పక్క సీటు ఇంజినీరుకు రెండేళ్లే. 2026 ఏప్రిల్‌తో సరి. దాన్ని నిర్వహించే లినక్స్ ఫౌండేషన్ 2024 ఏప్రిల్ 1 నుంచి ఇచ్చే సర్టిఫికెట్ల గడువును 36 నెలల నుంచి 24 నెలలకు తగ్గించింది. దాంతో ముందు పాసైనవారి సర్టిఫికెట్టే ఏడాది ఎక్కువ నిలుస్తుంది. ఇద్దరూ రెజ్యూమెలో ‘సీకేఏ, 2024’ అని మాత్రం రాసి ఊరుకున్నారనుకుందాం. 2026 మే నెలలో ఆ రెండు రెజ్యూమెలు ముందు పెట్టుకున్న రిక్రూటర్‌కు ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో తేల్చుకునే దారే లేదు.

వేల రూపాయలు పరీక్ష ఫీజు కట్టి, నెలల తరబడి రాత్రుళ్లు చదివి సంపాదించిన సర్టిఫికెట్ ఇలా ఒక్క తేదీ రాయకపోవడం వల్ల లెక్కలోకి రాకుండా పోతోంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి గచ్చిబౌలి ఆఫీసుల దాకా సర్టిఫికేషన్ ఎలా కొట్టాలో చెప్పేవారికి కొదవ లేదు. దాన్ని రెజ్యూమెలో ఎలా రాయాలో, వడపోతలో దానికి ఎప్పుడు ఎంత విలువ కడతారో చెప్పేవారే తక్కువ.

ముందుగా తెలుసుకోవాల్సింది ఏమిటంటే, సర్టిఫికెట్లు పాతబడే తీరు రెండు రకాలు. కొన్నింటికి క్యాలెండర్ ప్రకారం గడువు తీరుతుంది. ఇంకొన్నింటికి గడువంటూ ఉండదు గానీ పేరులోనే వెర్షన్ ఉంటుంది. కొత్త వెర్షన్ వచ్చినకొద్దీ పాతది వెనక్కి జరుగుతుంది. ఈ రెంటినీ కలగలిపి చూడటం వల్లే సగం తప్పులు జరుగుతున్నాయి. అభ్యర్థులే కాదు, రిక్రూటర్లూ ఇక్కడ పొరబడతారు.

మొదటి రకానికి అమెజాన్ వాళ్ల ఏడబ్ల్యూఎస్ మంచి ఉదాహరణ. సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ అసోసియేట్ సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. పరీక్షకు ఒక కోడ్ ఉంటుంది: ఒకప్పుడు SAA-C01, తర్వాత SAA-C02, 2022 ఆగస్టు 30 నుంచి SAA-C03. పాత కోడ్‌తో పాసైతే సర్టిఫికెట్ విలువ తగ్గిపోతుందని చాలామంది భయపడతారు. అందులో నిజం లేదు. SAA-C02 చివరి రోజైన 2022 ఆగస్టు 29న పాసైనవారికైనా, మర్నాడు SAA-C03 రాసి పాసైనవారికైనా వచ్చేది ఒకే పేరున్న సర్టిఫికెట్, ఒకే మూడేళ్ల గడువు.

అయితే ఆ కోడ్‌కు రెజ్యూమెలో ఇంకో పని ఉంది. తేదీ రాయకుండా SAA-C02 అని కోడ్ ఒక్కటే రాస్తే, విషయం తెలిసిన స్క్రీనర్ వెంటనే లెక్క కట్టేస్తారు. ఆ పరీక్ష 2022 ఆగస్టు 29 తర్వాత లేదు. అంటే ఈ సర్టిఫికెట్ ఎంత ఆలస్యంగా తీసుకున్నా 2025 ఆగస్టు చివరికి గడువు తీరిపోయి ఉండాలి. మధ్యలో రెన్యువల్ చేసుకుని ఉంటే ఆ సంగతి రాసేవారు కదా! రాయలేదు కాబట్టి అది పోయినట్టేనని తీర్మానిస్తారు. తేదీ దాచినా కోడ్ దాన్ని బయటపెడుతుంది.

మైక్రోసాఫ్ట్ అజూర్ సర్టిఫికేషన్ల దగ్గర చిక్కు ఇందుకు తలకిందులుగా ఉంటుంది. అజూర్ అడ్మినిస్ట్రేటర్ అసోసియేట్ లాంటి సర్టిఫికెట్లకు 2021 జూన్ చివరి నుంచి గడువు ఏడాదే. కానీ రెన్యువల్ ఉచితం. గడువుకు ఆరు నెలల ముందు నుంచి మైక్రోసాఫ్ట్ లెర్న్ సైట్‌లో చిన్న పరీక్ష రాసుకోవచ్చు. పక్కన పుస్తకం తెరిచి పెట్టుకున్నా అభ్యంతరం లేదు, ఒకసారి తప్పితే మళ్లీ రాయొచ్చు. పాసైతే, ఉన్న గడువు మీద ఇంకో ఏడాది కలుస్తుంది. AZ-900 లాంటి ఫండమెంటల్స్ సర్టిఫికెట్లకైతే అసలు గడువే లేదు.

ఈ పద్ధతి వల్ల శ్రద్ధగా రెన్యువల్ చేసుకునేవారే నష్టపోవడం కనిపిస్తుంది. 2021 సెప్టెంబరులో పాసై ఏటా తప్పకుండా రెన్యువల్ చేసుకున్న ఉద్యోగి రెజ్యూమెలో ‘అజూర్ అడ్మినిస్ట్రేటర్, 2021’ అని రాస్తారు. ఎక్కువ అనుభవం కనబడుతుందని పాత సంవత్సరం రాయడం ఆ ఉద్యోగికి న్యాయంగానే తోస్తుంది. గడువు ఏడాదేనని తెలిసిన స్క్రీనర్ మాత్రం అది 2022లోనే ముగిసిందనుకుంటారు. ఇటు బతికున్న సర్టిఫికెట్, అటు సున్నా మార్కులు.

గడువు తీరడం వేరు, ఆ సర్టిఫికేషన్‌నే కంపెనీ ఎత్తేయడం వేరు. మైక్రోసాఫ్ట్ 2021 జనవరి 31న ఎంసీఎస్ఏ, ఎంసీఎస్ఈలను ఎత్తేసింది. ఆ తర్వాత వాటిని కొత్తగా ఎవరూ తెచ్చుకోలేరు. అలాంటివి ఉన్నవారు తప్పేమీ చేయలేదు, రెన్యువల్ మరిచిపోనూ లేదు. వాటిని ‘ఎక్స్‌పైర్డ్’ అని కాక ‘రిటైర్డ్’ అని రాయడమే సరైనది. స్క్రీనింగ్‌లో వాటికి పాత అనుభవానికి సాక్ష్యంగా కొంత గౌరవం దక్కుతుంది తప్ప, చెల్లుబాటులో ఉన్న సర్టిఫికెట్ కోరే గడిని అవి నింపవు.

ఇక వెర్షన్ సంగతి. ఒరాకిల్ ఇచ్చే జావా సర్టిఫికెట్లకు క్యాలెండర్ గడువు లేదు. ‘జావా ఎస్ఈ 8 ప్రోగ్రామర్’ అని 2017లో తెచ్చుకున్నది ఎన్నేళ్లయినా చెల్లుతూనే ఉంటుంది. కానీ పేరులో ఉన్న ఆ 8 అంకె వదలదు. జావా 8 విడుదలైంది 2014లో. ఆ తర్వాత దీర్ఘకాల సపోర్ట్ ఉన్న 11, 17, 21 వెర్షన్లు వచ్చాయి. జావా సర్వర్ ప్రోగ్రాములకు విరివిగా వాడే స్ప్రింగ్ బూట్ 2022 నవంబరులో మూడో వెర్షన్‌కు వచ్చినప్పుడు, కనీసం జావా 17 ఉంటే తప్ప నడవదని తేల్చేసింది. కాబట్టి ఉద్యోగ ప్రకటనలో ‘స్ప్రింగ్ బూట్ 3’ అని ఉంటే జావా 8 సర్టిఫికెట్ ఆ పనికి నేరుగా సాక్ష్యం కాదు. భాష మూలాలు తెలుసని మాత్రమే చెబుతుంది. అదే సర్టిఫికెట్‌ను, ఇంకా జావా 8 మీదే నడుస్తున్న పాత సిస్టమ్‌ను చూసుకునే ఉద్యోగానికి పంపితే పూర్తి మార్కులు పడతాయి. గడువు తేదీ అన్ని కంపెనీలకూ ఒకటే. వెర్షన్ విలువ మాత్రం ఉద్యోగాన్ని బట్టి మారుతుంది. అందుకే జావా సర్టిఫికెట్ ఉన్నవారు ‘ఇది పాతదా?’ అని ఆలోచించే బదులు, ఆ ఉద్యోగంలో ఏ వెర్షన్ వాడుతున్నారో ప్రకటనలో వెతికి చూసుకోవడం మేలు.

గడువు, వెర్షన్ రెండూ ముడిపడ్డ కేసు రెడ్‌హ్యాట్‌ది. ఆర్‌హెచ్‌సీఈ అన్న పేరు ఏళ్ల తరబడి మారలేదు. పేరు వెనుక పరీక్ష మాత్రం పూర్తిగా మారిపోయింది. రెడ్‌హ్యాట్ లినక్స్ 7 కాలంలో EX300 పరీక్ష ఉండేది. అందులో నెట్‌వర్క్ సర్వీసులు, స్టోరేజ్, వెబ్ సర్వర్ లాంటివాటిని చేత్తో అమర్చి చూపించాలి. లినక్స్ 8తో పాటు వచ్చిన EX294 పరీక్ష అంతా ఆన్సిబుల్ మీదే: ఒక ఫైల్ రాసి అనేక సర్వర్లను ఒకేసారి అమర్చే ఆటోమేషన్ పని. కాబట్టి రెజ్యూమెలో ఉత్తినే ‘ఆర్‌హెచ్‌సీఈ’ అని ఉంటే ఆ అభ్యర్థికి ఆన్సిబుల్ వచ్చో రాదో తెలియదు. పైగా సర్టిఫికెట్ గడువు మూడేళ్లే. లినక్స్ 7కు మామూలు మెయింటెనెన్స్ కూడా 2024 జూన్ 30తో ఆగిపోయింది. ఆటోమేషన్ ఇంజినీరును వెతుకుతున్న టెక్నికల్ లీడ్‌కు అన్నింటికన్నా ముందు కావాల్సింది ఆ పరీక్ష కోడ్. ఏడబ్ల్యూఎస్ విషయంలో కోడ్ విలువను మార్చదు, ఇక్కడ మారుస్తుంది. ఏ వెండర్‌ది ఏ పద్ధతో తెలియకుండా అందరికీ ఒకటే సూత్రం వర్తించదు.

మరి వడపోతలో ఈ తేదీలు, కోడ్లు చూసేదెవరు? మొదట చూసేది సాఫ్ట్‌వేర్. అది గడువు తీరిన సర్టిఫికెట్‌ను పసిగట్టి దానంతటదే రెజ్యూమెను పక్కన పడేస్తుందన్న ప్రచారం బాగా ఉంది. మామూలుగా అంత తెలివి దానికి ఉండదు. రెజ్యూమె ఫైల్లోని పదాలను విడగొట్టి గడుల్లో వేస్తుంది, రిక్రూటర్ వెతికిన పదం ఉందో లేదో చూపిస్తుంది. గడువు తీరిందో లేదో దానికి తెలిసేది రెండు చోట్లే. ఒకటి, దరఖాస్తు ఫారంలో సర్టిఫికెట్ పేరు పక్కన గడువు తేదీ గడి ఉన్నప్పుడు. నౌకరీ, లింక్డ్‌ఇన్ ప్రొఫైళ్లలో కూడా ఈ గడి ఉంటుంది. రెండు, ‘మీ దగ్గర చెల్లుబాటులో ఉన్న ఫలానా సర్టిఫికేషన్ ఉందా?’ అని అవును, కాదు అనే జవాబుతో ప్రశ్న పెట్టినప్పుడు. ‘కాదు’ అంటే అక్కడికక్కడే ఆగిపోయేలా కంపెనీ అమర్చుకోవచ్చు. గడువు తీరిన సర్టిఫికెట్ పెట్టుకుని ‘అవును’ అని నొక్కినవారు ఈ గడప దాటినా, తర్వాత వచ్చే తనిఖీలో దొరికిపోతారు.

రెండోది రిక్రూటర్ చేయి. సర్వీస్ కంపెనీల్లో చెల్లుబాటు మీద అంత పట్టుదల ఎందుకో బయటివారికి తెలియదు. అమెజాన్, మైక్రోసాఫ్ట్ లాంటి సంస్థలు తమ భాగస్వామి కంపెనీలకు హోదాలు ఇస్తాయి. ఆ హోదాకు చూసే అర్హతల్లో, కంపెనీలో సర్టిఫికేషన్ ఉన్న ఉద్యోగులు ఎంతమంది అన్నదొకటి. ఆ లెక్కలోకి గడువు మిగిలి ఉన్నవే వస్తాయి. క్లయింట్‌కో, ప్రభుత్వ శాఖకో టెండరు వేసేటప్పుడూ అంతే. ప్రాజెక్టులో పనిచేసే సిబ్బంది వివరాలు జతచేయాలి, సర్టిఫికెట్ టెండరు సమర్పించే రోజుకు చెల్లుబాటులో ఉండాలన్న షరతు పెడతారు. కాబట్టి గడువుకు ముందు రోజు, మర్నాడు అభ్యర్థికి ఉన్న జ్ఞానంలో తేడా లేకపోయినా కంపెనీకి పనికొచ్చే తీరులో తేడా ఉంది. రిక్రూటర్ మార్కులు తగ్గించడానికి అసలు కారణం ఇదే. అభ్యర్థిని తక్కువ చేయాలని కాదు.

మూడోది టెక్నికల్ ప్యానెల్. ఇక్కడ లెక్క కాస్త మెత్తబడుతుంది, మెత్తబడటమే న్యాయం కూడా. గడువు తీరి ఆరు నెలలైనా, అదే క్లౌడ్ మీద ఈ మూడేళ్లూ పనిచేసిన ఇంజినీరుకు ఆ సర్టిఫికెట్ పూర్వ సాక్ష్యంగా పనికొస్తుంది. పని అనుభవం లేకుండా గడువు తీరిన సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే దాన్ని పట్టించుకోకపోవడంలో తప్పు లేదు.

ఈ లెక్క కళ్లకు కట్టడానికి ఒక నమూనా రెజ్యూమె చూద్దాం. అజూర్ క్లౌడ్ ఇంజినీరు ఉద్యోగానికి 2026 జనవరిలో హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇది వచ్చిందనుకుందాం. సర్టిఫికేషన్ల భాగం ఇలా ఉంది:

```
AWS Certified Solutions Architect - Associate (SAA-C02)
Microsoft Certified: Azure Administrator Associate - 2021
Red Hat Certified Engineer (RHCE)
```

ఆ కంపెనీ సర్టిఫికేషన్లకు 10 మార్కులు పెట్టుకుందనుకుందాం. అజూర్‌కు 5, రెండో క్లౌడ్‌కు 3, లినక్స్‌కు 2. చెల్లుబాటులో ఉంటే పూర్తి మార్కులు, గడువు తీరి ఏడాది లోపైతే సగం, అంతకన్నా పాతదైతే సున్నా. ఇది మన ఉదాహరణ కోసం అనుకున్న కొలత. ఏ కంపెనీ కొలత ఆ కంపెనీది.

ఈ రెజ్యూమె చూసిన స్క్రీనర్ ఎలా ఆలోచిస్తారు? అజూర్ పక్కన 2021 ఉంది, గడువు ఏడాది, రెన్యువల్ మాట లేదు. సున్నా. ఏడబ్ల్యూఎస్ పక్కన SAA-C02 ఉంది, 2025 ఆగస్టుకే ముగిసి ఉండాలి. ఏడాది లోపు ముగిసిందా, అంతకుముందేనా తెలియదు. తెలియనిదానికి సగం మార్కులు ఇవ్వలేరు. సున్నా. ఆర్‌హెచ్‌సీఈకి తేదీ లేదు, పరీక్ష కోడ్ లేదు. అదీ సున్నా. మూడు సర్టిఫికెట్లున్న మనిషికి పదికి సున్నా వచ్చింది.

నిజానికి ఆ అభ్యర్థి అజూర్‌ను ఏటా రెన్యువల్ చేసుకుంటూనే ఉన్నారు. 2026 సెప్టెంబరు దాకా గడువుంది. ఏడబ్ల్యూఎస్ 2022 మేలో తెచ్చుకున్నది, 2025 మేలో ముగిసింది. ఆర్‌హెచ్‌సీఈ 2018 నాటి EX300. వాటినే ఇలా రాస్తే:

```
Azure Administrator Associate (AZ-104) | Sep 2021, renewed Jul 2025 | valid till Sep 2026
AWS Solutions Architect - Associate | May 2022 - May 2025 (expired)
RHCE on RHEL 7 (EX300) | Jun 2018 - Jun 2021 (not current)
```

అజూర్‌కు పూర్తి 5 మార్కులు. ఏడబ్ల్యూఎస్ గడువు తీరి ఎనిమిది నెలలే కాబట్టి సగం, ఒకటిన్నర. ఆర్‌హెచ్‌సీఈకి మార్కులు రావు. మొత్తం ఆరున్నర. కొత్తగా ఒక్క పరీక్ష రాయలేదు, ఒక్క అబద్ధం చేర్చలేదు. గడువు తీరిందని బాహాటంగా ఒప్పుకున్న ఏడబ్ల్యూఎస్ లైనే అదనంగా ఒకటిన్నర తెచ్చిపెట్టింది. ‘ఎక్స్‌పైర్డ్’ అన్న మాట రెజ్యూమెలో కనిపిస్తే పరువు పోతుందన్న భయం ఎంత నష్టం చేస్తుందో ఇక్కడ తెలుస్తుంది.

నెలను అక్షరాల్లో రాయడం కూడా ముఖ్యమే, ముఖ్యంగా అమెరికా ఉద్యోగాలకు పంపేవారికి. 05/09/2026 అని రాస్తే మనకు సెప్టెంబరు 5, అక్కడివారికి మే 9. నాలుగు నెలల గడువు ఆ గీతల మధ్యనే మాయమవుతుంది.

అన్నింటికన్నా ప్రమాదకరమైన తప్పు రెజ్యూమె తలకట్టులో ఉంటుంది. కింద సర్టిఫికేషన్ల భాగంలో తేదీలు సరిగ్గా రాసినవారు కూడా పైన పేరు కింద ‘ఏడబ్ల్యూఎస్ సర్టిఫైడ్ క్లౌడ్ ఇంజినీర్’ అన్న పాత మాటను అలాగే వదిలేస్తారు. గడువు తీరాక ఆ బిరుదు వాడితే, ఉన్నదని అబద్ధం చెప్పినట్టే లెక్క. సర్టిఫికెట్‌ను తనిఖీ చేయడం ఇప్పుడు నిమిషం పని. ఏడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ మీద వ్యాలిడేషన్ నంబర్ ఉంటుంది, మైక్రోసాఫ్ట్ లెర్న్‌లో ట్రాన్‌స్క్రిప్ట్‌ను లింకుగా పంపే వీలుంది, రెడ్‌హ్యాట్ సర్టిఫికేషన్ ఐడీ ఇస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఈ లింకులు తెరిచేసరికి తలకట్టు ఒకటి, తేదీ ఇంకొకటి చెబితే ఆఫర్ లెటర్ దాకా వచ్చిన ఉద్యోగం కూడా చేజారే ప్రమాదముంది.

రెజ్యూమె పంపబోయేవారు ముందుగా ఆ వెండర్ సైట్‌లోని తమ ఖాతా తెరిచి, అక్కడ కనిపించే గడువు తేదీని ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకోవాలి. కోచింగ్ సెంటర్ చెప్పిందో, పాస్ అయినప్పుడు గుర్తున్నదో రాయకూడదు. నిబంధన మారి ఉండొచ్చు, సీకేఏ విషయంలో మారింది కూడా. గడువు ఇంకా మిగిలి ఉన్నవారికి ఏడబ్ల్యూఎస్‌లో ఒక వెసులుబాటుంది. అసోసియేట్ పరీక్షే మళ్లీ రాయనక్కర్లేదు. సొల్యూషన్స్ ఆర్కిటెక్ట్ ప్రొఫెషనల్ పాసైతే అసోసియేట్ కూడా దానితోపాటే పొడిగింపు పొందుతుంది. పాసైన ప్రతి పరీక్షకూ తర్వాతి పరీక్ష ఫీజులో 50 శాతం తగ్గింపు ఖాతాలో చేరుతుంది. చాలామంది దాన్ని చూసుకోక పూర్తి ఫీజు కడుతున్నారు.

మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్ ఉన్నవారు మాత్రం ఈ పని వాయిదా వేయొద్దు. గడువు రోజు దాటనంత వరకు రెన్యువల్‌కు రూపాయి ఖర్చు లేదు. ఒక్క రోజు దాటినా ఆ దారి మూసుకుపోతుంది. మళ్లీ పూర్తి ఫీజు కట్టి అసలు పరీక్షే రాయాలి.